ఒక నంబరు, మూడు పేర్లు, తొమ్మిది విస్తళ్ళు

సంక్రాంతి సెలవులకో వేసవికో పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకునే హైస్కూళ్ళు ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నాయి. పేర్ల నమోదుకు ఒక గూగుల్ ఫారం పెడతారు. ఫారం నింపడం రానివాళ్ళు వాట్సాప్ గ్రూపులో పేరు, నంబరు పెడతారు. వాటిని బ్యాచ్‌లో ఎవరో ఒకరు కూర్చుని షీట్‌లోకి ఎక్కిస్తారు. వీటికి తోడు కిందటిసారి సమ్మేళనం లిస్టు కూడా వచ్చి చేరుతుంది. వారం ముందు వంటాయన ఫోన్ చేసి, "ఎన్ని విస్తళ్ళండీ?" అని అడుగుతాడు. షీట్‌లో ఆఖరి వరుస 640 దగ్గర ఆగి ఉంటుంది. ఆ 640 వరుసల వెనక మనుషులెంతమంది ఉన్నారో చెప్పగలిగినవాళ్ళు ఆ క్షణాన ఎవరూ ఉండరు.

ఒకే మనిషి రెండు మూడుసార్లు నమోదవడం ఇలాంటి లిస్టుల్లో మామూలే. ఫారం నింపాక "అందింది" అన్న కబురు రాకపోతే మళ్ళీ నింపుతారు. అక్క పేరు తమ్ముడు రాయిస్తాడు, ఆ సంగతి తెలియక అక్క కూడా రాసుకుంటుంది. వీటిని పట్టుకోవడానికి చేతిలో ఉన్న ఆధారాలు ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ. పేరు కంటే అవే గట్టివి అనుకుంటాం. కానీ నంబరు చెప్పేది ఎక్కడికి ఫోన్ చేయాలన్నదే. ఎత్తేది ఎవరన్నది అది చెప్పదు. ఈ తేడాను మరిచిపోయి లిస్టు శుభ్రం చేస్తే నిజంగా వచ్చే మనుషులు అందులోంచి మాయమవుతారు.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. షీట్‌లో నాలుగు చోట్ల చెదిరి ఉన్న నాలుగు వరుసలివి. నంబర్లలో కొన్ని అంకెలు కావాలనే దాచాను.

```
12   K Vijaya Lakshmi  +91 98480 xx417  peru.intiperu@gmail.com  1996
57   Vijayalaxmi P     098480xx417      -                        1996
83   P Srinivas Rao    98480-xx417      -                        1991
140  P V Lakshmi       732-555-0142     Peruintiperu@gmail.com   1996
```

"మీతో కలిపి ఎంతమంది వస్తున్నారు?" అన్న ప్రశ్నకు మొదటి మూడు వరుసల్లోనూ 2 అని, నాలుగోదాంట్లో 3 అని ఉంది. షీట్ కూడిక వేస్తే తొమ్మిది విస్తళ్ళు. 57, 83 వరుసల్లో వెయ్యేసి రూపాయలు కట్టినట్టు యూపీఐ రిఫరెన్స్ నంబరు ఉంది. 12, 140 వరుసల్లో ఆ గడి ఖాళీ.

ఉన్నది ఉన్నట్టు చూస్తే కంప్యూటర్‌కు ఈ నాలుగింటిలో ఏ రెండూ ఒకటిగా కనిపించవు. `+91`, ముందున్న సున్నా, మధ్యలో ఖాళీ, గీత, ఇవన్నీ దాని లెక్కలో తేడాలే. కాబట్టి ముందు నంబర్లన్నిటినీ ఒకే రూపంలోకి తేవాలి. అసలు కాలమ్‌ను ముట్టుకోకుండా పక్కన కొత్త కాలమ్ పెట్టి, గూగుల్ షీట్‌లో ఈ సూత్రం రాస్తే సరిపోతుంది. ఫోన్ నంబరు C కాలమ్‌లో ఉందనుకుందాం:

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(C2),"[^0-9]",""),10)
```

అంకెలు కానివాటినన్నిటినీ తీసేసి, చివరి పది అంకెలు ఉంచుకోమని దీని అర్థం. మన మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. అందుకే ఈ పద్ధతి చాలావరకు పనిచేస్తుంది. ఫోన్‌లోని కాంటాక్టుల నుంచి కాపీ చేసిన నంబర్లకు కొన్నిసార్లు కంటికి కనిపించని గుర్తులు అంటుకుని వస్తాయి. రెండు నంబర్లు అచ్చంగా ఒకేలా ఉన్నా కలవకపోతే అనుమానించాల్సింది వాటినే. ఈ సూత్రం వాటినీ తీసేస్తుంది.

పది అంకెల లెక్క మన దేశపు నంబర్లకే. 140వ వరుసలోని 732 న్యూజెర్సీ ఏరియా కోడ్. దేశం కోడ్ లేకుండా రాసిన అమెరికా నంబరుకూ పది అంకెలే, పైగా ఇది 7తో మొదలైంది, కాబట్టి చూడటానికి మన మొబైల్ నంబరులాగే ఉంటుంది. డాలస్ వైపు 972 కోడ్‌తోనూ ఇదే చిక్కు. సింగపూర్‌ది ఇంకా విచిత్రం. అక్కడి నంబరుకు ఎనిమిది అంకెలు, దేశం కోడ్ 65. రెండూ కలిస్తే 6తో మొదలయ్యే పది అంకెలవుతాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువగా వచ్చే సమ్మేళనమైతే ఫారంలో "ఏ దేశపు నంబరు?" అన్న గడి విడిగా పెట్టడం మేలు. లేకపోతే డాలస్‌లో ఉన్న మనిషికి పంపాల్సిన సందేశం ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఎవరికో పోతుంది.

నంబర్ల విషయంలో అన్నిటికంటే పెద్ద నష్టం మాత్రం శుభ్రం చేయడానికి ముందే జరుగుతుంది. ఎక్సెల్ మామూలు సెల్‌లో పదకొండు అంకెలు దాటిన సంఖ్యను కుదించి చూపిస్తుంది. 91తో కలిపి పన్నెండు అంకెలున్న ఫోన్ నంబరు `9.19848E+11` అని కనబడుతుంది. అప్పటికి లోపల అసలు నంబరు భద్రంగానే ఉంటుంది. కానీ ఆ ఫైలును అలాగే సీఎస్‌వీ రూపంలో దాచితే, కనిపిస్తున్నదే ఫైలులోకి ఎక్కుతుంది. మళ్ళీ తెరిచేసరికి అది `919848000000` అయి ఉంటుంది. 9848తో మొదలయ్యే నంబర్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతోమందికి ఉన్నాయి. అవన్నీ రెండే రెండు నంబర్లుగా మారిపోతాయి. ఆ తర్వాత డూప్లికేట్లు వెతికితే, ఒకరికొకరు సంబంధం లేని ముప్పై మంది ఒకే మనిషిగా తేలినా ఆశ్చర్యం లేదు.

దీన్ని గుర్తుపట్టడం తేలికే. చివర ఆరు సున్నాలున్న నంబర్లు లిస్టులో ఒకటికి మించి కనిపిస్తే ఇదే జరిగిందని అర్థం. పోయిన అంకెలను ఏ సూత్రమూ తిరిగి తేలేదు, అసలు ఫైలు దగ్గరికి వెళ్ళాల్సిందే. యూపీఐ రిఫరెన్స్ నంబరు కూడా పన్నెండు అంకెలదే కాబట్టి డబ్బుల కాలమ్‌కూ ఈ ప్రమాదం ఉంది. అంకెలు ఎక్కించకముందే ఆ రెండు కాలమ్‌లనూ టెక్స్ట్‌గా మార్చుకుంటే ఈ గొడవ ఉండదు.

మెయిల్ ఐడీల పని కొంత సులువు. అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి, ఖాళీలూ చెత్తా తీసేయాలి:

```
=LOWER(REGEXREPLACE(D2,"[^A-Za-z0-9@._+-]",""))
```

జీమెయిల్‌కు మాత్రం ఇంకో సంగతి ఉంది. `@`కు ముందున్న చుక్కలను జీమెయిల్ లెక్కలోకి తీసుకోదు, `+` తర్వాత రాసిన ముక్కనూ పట్టించుకోదు. అందుకే `peru.intiperu@gmail.com`, `peruintiperu@gmail.com`, `peruintiperu+badi@gmail.com` మూడూ ఒకే పెట్టెలోకి చేరతాయి. 12, 140 వరుసలను కలిపేది ఇదే. అయితే చుక్కలు తీసి పోల్చడం జీమెయిల్‌కే పరిమితం కావాలి. ఆఫీసు మెయిళ్ళలో చుక్క ఉన్నదీ లేనిదీ ఇద్దరు వేర్వేరు మనుషులవి కావచ్చు. అలాగే `yahoo.com`, `yahoo.co.in` వేర్వేరు ఖాతాలు. ఒకాయనకు రెండూ ఉండొచ్చు, ఒక్కోటి ఒక్కొక్కరిదీ కావచ్చు. `gmial.com`, `gmail.con` లాంటివి మాత్రం వేలు జారి పడ్డవేనని చెప్పొచ్చు. వాటిని పోల్చే కాలమ్‌లో సరిచేసి, రాసిన మనిషిని ఒకసారి అడగాలి.

రెండు కాలమ్‌లూ శుభ్రమయ్యాక ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. శుభ్రం చేసిన నంబర్లు F కాలమ్‌లో ఉంటే:

```
=IF(F2="","",COUNTIF(F:F,F2))
```

ముందు `IF` పెట్టింది ఖాళీల కోసం. నంబరు రాయనివాళ్ళందరూ "ఖాళీ" అనే ఒకే నంబరు వాళ్ళుగా లెక్కకు రాకూడదు. `9999999999`, `test@test.com` లాంటివీ ఖాళీల కిందే జమ. ఫారం వదలడం లేదని ఏదో ఒకటి కొట్టినవి అవి.

ఇప్పుడు మన నాలుగు వరుసలు దగ్గరికొచ్చాయి. 12, 57, 83 వరుసల్లో నంబరు ఒకటే. 12, 140 వరుసల్లో మెయిల్ ఒకటే. 57కూ 140కీ నేరుగా ఏ పోలికా లేదు. ఒకదాంట్లో మెయిల్ లేదు, రెండో దాంట్లో నంబరు వేరు. అయినా 12 మధ్యలో ఉండి రెండింటినీ కలుపుతోంది. నంబరు ఒక్కటే చూసినా, మెయిల్ ఒక్కటే చూసినా ఈ గొలుసు పూర్తిగా కనబడదు. అందుకని నంబరు కలిసినవాటికీ మెయిల్ కలిసినవాటికీ కలిపి ఒకే గ్రూపు నంబరు వేసి, ఆ నంబరు ప్రకారం షీట్‌ను సర్దుకోవాలి.

చాలామంది ఇక్కడే తొందరపడి ఎక్సెల్‌లోని `Remove Duplicates` నొక్కేస్తారు. శుభ్రం చేసిన నంబరు మీద దాన్ని నొక్కితే ఏమవుతుందో చూడండి. అది మొదట వచ్చిన వరుసను ఉంచి తర్వాతివి చెరిపేస్తుంది. 12 మిగిలి, 57, 83 పోతాయి. 140 నంబరు వేరు కాబట్టి అదీ ఉంటుంది. శ్రీనివాసరావు గారు లిస్టులో లేకుండా పోయారు, కట్టిన డబ్బుల ఆధారం పోయింది, విజయలక్ష్మి గారు మాత్రం ఇంకా రెండుసార్లు ఉన్నారు. విస్తళ్ళు తొమ్మిది నుంచి ఐదుకు దిగాయి, అదీ తప్పే.

గ్రూపు అంటే "వీళ్ళను చూడండి" అన్న సూచన, అంతే. తేల్చాల్సింది పేరు, బ్యాచ్ చూసి. మన పేర్లను ఇంగ్లిషులో రాసే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం. Lakshmi, Laxmi ఒకటే, Srinivas, Sreenivas ఒకటే. ఇంటిపేరు కొందరు ముందు రాస్తారు, కొందరు వెనక. విజయలక్ష్మిని "V Lakshmi"గా విడగొట్టేవాళ్ళూ ఉన్నారు. బడి సమ్మేళనాల్లో దీనికి తోడు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళ సంగతి ఉంటుంది. బడి రిజిస్టరులో K ఉన్నావిడ ఇప్పుడు P. పాత స్నేహితులు గుర్తుపట్టాలని ఒకసారి పాత ఇంటిపేరుతో, పాస్‌పోర్టులో ఉన్న అలవాటు కొద్దీ ఇంకోసారి కొత్త ఇంటిపేరుతో రాసి ఉంటారు. ఇంటిపేరు కలవలేదని ఇద్దరు మనుషులనుకుంటే పొరపాటే. బ్యాచ్ మాత్రం మారదు. 12, 57, 140 మూడింటిలోనూ 1996, పేరులో విజయ, లక్ష్మి, ఇంటిపేరు K నుంచి P. 83వ వరుసలో పేరు వేరు, బ్యాచ్ 1991, ఇంటిపేరు మాత్రం అదే P. ఆ నంబరు ఇంట్లో ఇద్దరికీ ఉమ్మడిదన్నమాట.

ఇంతవరకూ ఊహే. నిజం తేలాలంటే ఒక్క ఫోన్ చాలు. "మీరు రెండుసార్లు రాశారు" అని మొదలుపెడితే అవతలివాళ్ళు తప్పు చేసినట్టు ఇబ్బంది పడతారు. "విజయలక్ష్మి గారూ, నమస్కారమండీ, బడి సమ్మేళనం నుంచి మాట్లాడుతున్నాం. మీ ఇంటి నుంచి మొత్తం ఎవరెవరు వస్తున్నారో భోజనాల కోసం ఒకసారి చెప్తారా?" అని అడిగితే అన్నీ వాటంతటవే వస్తాయి. మన కథలో వచ్చే సమాధానం ఇది: "నేను, మావారు వస్తున్నామండీ. అమ్మ కూడా వస్తానంది, అందుకే ఇక్కడి నంబరుతో మళ్ళీ నింపాను. మా తమ్ముడు కూడా రాయించాడా? నాకు తెలీదే!"

అంటే వచ్చేది ముగ్గురు. లిస్టులో తొమ్మిది పడటానికి ఆవిడ మూడుసార్లు నమోదవడం ఒక్కటే కారణం కాదు. భర్త వరుస డూప్లికేట్ కాదు, ఆయన విడి మనిషి. కానీ "మీతో కలిపి ఎంతమంది" అన్నచోట ఆయన భార్యను కలుపుకున్నారు, ఆవిడ ఆయన్ను కలుపుకుంది. మనుషులు సరిగ్గా ఇద్దరే ఉన్నా విస్తళ్ళు నాలుగయ్యేది ఇందుకే. డూప్లికేట్ కాదని తేలిన నంబరు పోలికను కూడా పక్కన పడేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఈ కారణంతోనే. ఒకే నంబరు మీద ఇద్దరు విడి మనుషులు కనిపిస్తే అది ఒక ఇల్లు, భోజనాల లెక్క ఇంటికి ఒకసారే వేయాలి. నా దృష్టిలో విస్తళ్ళ లెక్క తప్పడానికి డూప్లికేట్ పేర్ల కన్నా ఈ ఇంటి లెక్కే పెద్ద కారణం, దీన్నే ఎవరూ వెతకరు.

ఇక కలపడం. మూడు వరుసల్లో ఒకదాన్ని ఉంచి మిగతావి చెరపడం కలపడం కాదు. ఒక్కో గడికి ఒక్కో న్యాయం ఉంటుంది. 12ను ప్రధాన వరుసగా ఉంచుకుందాం. నంబర్లు రెండూ ఉంచాలి, ఆవిడ దిగేదాకా ఒకటి, దిగాక ఇంకొకటి పనికొస్తాయి. మెయిల్ ఐడీ ఆవిడ రాసిన రూపంలోనే ఉండాలి. చుక్కలు తీసేసింది పోల్చడానికే, ఉత్తరం పంపడానికి కాదు. ఎంతమంది అన్న గడిలో వరుసలను కూడకూడదు, చివరిసారి రాసిన జవాబును తీసుకోవాలి. ఇక్కడ అది 140లోని 3. శ్రీనివాసరావు గారి వరుస అలాగే ఉంటుంది, కానీ ఆయన విస్తరి ఆ ముగ్గురిలోనే లెక్కకొచ్చింది కాబట్టి ఆ గడిలో సున్నా వేసి, పక్కన "12తో కలిపి" అని రాయాలి. బ్యాడ్జి మాత్రం ఆయనకు ఆయన పేరుతోనే వెళ్తుంది.

డబ్బుల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. 57, 83 వరుసల్లో రిఫరెన్స్ నంబరు పన్నెండు అంకెలూ ఒకటే అయితే కట్టింది ఒక్కసారే, ఇద్దరు చెప్పారంతే. వేర్వేరు అయితే రెండుసార్లు జమైనట్టు. అప్పుడు ఒకటి తిరిగివ్వాలా, ఇద్దరికీ చెరొకటా అన్నది కోశాధికారి వాళ్ళతో మాట్లాడి తేల్చాలి. వరుసలు కలిపేవాళ్ళు తేల్చే విషయం కాదది.

పోయిన వరుసల రిజిస్ట్రేషన్ నంబర్లను పారేయకూడదు. 140కి అప్పటికే క్యూఆర్ కోడ్ వెళ్ళి ఉండొచ్చు, ఆవిడ గేటు దగ్గర అదే చూపిస్తారు. అందుకని పాత నంబర్లు 57, 140 రెండూ 12నే చూపేలా "దేనిలో కలిసింది" అన్న కాలమ్ ఒకటి ఉండాలి. దాని పక్కన ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు అన్నది రెండు మాటల్లో రాయాలి: "ఫోన్‌లో అడిగాం" అనో, "పేరు, బ్యాచ్ కలిశాయి" అనో. రేపు ఎవరైనా "నా పేరేదీ?" అంటే వెనక్కి వెళ్ళే దారి అదే. అసలు లిస్టు కాపీ ఒకటి ఎవరూ ముట్టుకోకుండా విడిగా ఉండాలి.

కొన్ని గ్రూపులు మరీ పెద్దవిగా కనబడతాయి. ఒకే నంబరు మీద పదిహేను పేర్లు, బ్యాచ్‌లు కూడా వేర్వేరు. ఊళ్ళో ఉండే ఏ మాస్టారో, నెట్ సెంటర్ కుర్రాడో అందరి తరఫునా తన నంబరు వేసి నింపితే ఇలా అవుతుంది. అలాంటి నంబరు ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదు. పైగా గొలుసులో అది ఉంటే సంబంధం లేని ఇళ్ళన్నీ ఒక గ్రూపైపోతాయి. కాబట్టి గ్రూపులు కట్టే ముందే, నలుగురైదుగురికి మించి వేర్వేరు పేర్లున్న నంబర్లను, మెయిళ్ళను పోలిక నుంచి తీసేయాలి. ఆ పదిహేను మంది సంగతి ఆ మాస్టారు గారినే అడిగితే ఒక్క కూర్చోవడంలో తేలిపోతుంది.

కిందటి సమ్మేళనం లిస్టును కలిపేటప్పుడు కూడా నంబరు మీద మరీ ఆధారపడకూడదు. వాడకం ఆగిపోయిన మొబైల్ నంబర్లను కొంత గడువు తర్వాత కంపెనీలు వేరేవాళ్ళకు ఇస్తాయి. ఐదేళ్ళ కిందటి లిస్టులో ఒకరిదైన నంబరు ఈ ఏడాది లిస్టులో నిజంగానే వేరే మనిషిది కావచ్చు. పాత లిస్టుతో నంబరు కలిసి పేరు కలవకపోతే కొత్తదాన్నే నమ్మాలి.

ఈ పద్ధతికి అందనిదీ ఒకటుంది. ఒకసారి ఆఫీసు మెయిల్, భర్త నంబరు ఇచ్చి, రెండోసారి సొంత మెయిల్, సొంత నంబరు ఇచ్చిన మనిషిని ఈ రెండు కాలమ్‌లూ ఎప్పటికీ కలపలేవు. దానికి బ్యాచ్‌ల వారీగా లిస్టు విడదీసి, ఒక్కో బ్యాచ్‌లో అందరినీ ఎరిగినవాళ్ళు ఒకరికి చూపించడమే దారి. నలభై యాభై పేర్లను వాళ్ళు పది నిమిషాల్లో చదివి, "వీళ్ళిద్దరూ ఒకటే" అనేస్తారు. చూపించేది పేర్లే అయి ఉండాలి. నంబర్లతో సహా లిస్టును వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఇచ్చినవాళ్ళ నమ్మకం పోగొట్టుకున్నట్టే.

అనుమానం తీరనివి చివరికి కొన్ని మిగులుతాయి. వాటిని కలపకుండా వదిలేయమనే నా సలహా. ఒక మనిషికి రెండు బ్యాడ్జీలు అచ్చయితే ఒకటి బల్ల మీద మిగిలిపోతుంది, పోయేది ఒక అట్టముక్క. ఇద్దరు మనుషులను ఒకటిగా కలిపేస్తే, పాతికేళ్ళ తర్వాత ఊరికొచ్చిన ఒకరు తన పేరు లేని బల్ల ముందు నిలబడాల్సి వస్తుంది.

సమ్మేళనం రోజు పొద్దున కొత్త డూప్లికేట్లు గేటు దగ్గర పుడతాయి. "నా పేరు ఉందో లేదో" అన్నవాళ్ళకు వెంటనే కొత్త వరుస రాసేస్తుంటారు. రాసేముందు ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు అడిగి షీట్‌లో వెతికితే సగం పని తప్పుతుంది. అయితే ఆరేడు వందల మంది ఉన్న లిస్టులో చివరి నాలుగు అంకెలు కలిసే జతలు ఓ పదో ఇరవయ్యో ఉండటం మామూలే. కాబట్టి వెతికితే వచ్చిన వరుసలో పేరు, బ్యాచ్ చదివి వినిపించి, వాళ్ళు అవునన్నాకే బ్యాడ్జి ఇవ్వాలి. విజయలక్ష్మి గారు 417తో ముగిసే నంబరు చెప్పినా, 0142 చెప్పినా, రెండూ ప్రధాన వరుసలో ఉన్నాయి కనుక 12 దొరుకుతుంది.